‘పని’ అంటే ఏ పని? ఒక సర్వే ప్రశ్న వెనుక కథ

విజయనగరం జిల్లాలో ఒక ఇంటింటి సర్వే మళ్ళీ మొదటికొచ్చింది. చీపురుపల్లి వైపు పల్లెల్లో ఆడవాళ్ళ ఉపాధి లెక్క ఒక ఇన్వెస్టిగేటర్‌కి ఒకలా వస్తే, పక్క వీధి తిరిగిన మనిషికి ఇంకోలా వచ్చింది. ట్యాబ్‌లో ఉన్న ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదవకపోవడమే దీనికి కారణమని సర్వే చేయిస్తున్న సంస్థ అంటోంది. ఉన్నది ఉన్నట్టు చదివితే ఎవరికీ అర్థం కావడం లేదని ఇన్వెస్టిగేటర్లు అంటున్నారు. కొన్నేళ్ళు ఆ పని చేసినవాణ్ణి కాబట్టి ఈ గొడవ నాకు కొత్త కాదు. దీని మూలం మాత్రం ట్యాబ్‌ల కాలం కంటే చాలా పాతది.

మన దేశంలో సర్వేలు ఎలా మొదలయ్యాయో అందరికీ తెలిసిందే, ఆ కథలోకి వెళ్ళను. ఇప్పటి తగాదాకి సంబంధించిన మలుపు 1971 జనగణన. 1961లో వ్యవసాయం లాంటి సీజన్ పనులకు ఒక సులువైన రూలు ఉండేది. సీజన్‌లో ఎక్కువ రోజులు, రోజుకు గంటకు మించి పని చేసిన మనిషిని పనిచేసేవారిగా రాసుకునేవారు. 1971లో ‘మీ ముఖ్యమైన పని ఏమిటి’ అని అడిగారు. పొద్దున్నే వంట చేసి, మధ్యాహ్నం చేలో కలుపు తీసి, సాయంత్రం గొడ్లకు గడ్డి వేసే మనిషి ‘ఇంటి పనే’ అంది. అంతటితో ఆమె పని చేయనివారి వరుసలోకి వెళ్ళిపోయింది. పొలం పనిని రెండో పనిగా వేరే చోట రాసుకునే వీలున్నా, ఆమె వరుస మారలేదు. దేశంలో పనిచేసే ఆడవాళ్ళ శాతం పదేళ్ళలో ఇంచుమించు సగానికి పడిపోయినట్టు కనబడింది. నిజానికి ఆడవాళ్ళు పొలాల్లోంచి ఎక్కడికీ పోలేదు, మారింది ప్రశ్న.

దిద్దుబాటు నెమ్మదిగా వచ్చింది. 1977-78 జాతీయ నమూనా సర్వేలో, ‘ఇంటి పనే’ అన్న ఆడవాళ్ళను అక్కడితో వదలకుండా, ఇంకేం చేస్తారో విడివిడిగా అడగడం మొదలుపెట్టారు. 1991 జనగణనలో ‘గత ఏడాదిలో ఏమైనా పని చేశారా’ అన్న ప్రశ్న పక్కనే, సొంత పొలంలో, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చేసినదీ కలిపి అని అచ్చు వేశారు. శిక్షణలో చెప్పి వదిలేయకుండా ఆ మాటను ప్రశ్నలోనే పెట్టడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. శిక్షణలో విన్నది మూడో రోజుకి మరిచిపోతారు, కాగితం మీద ఉన్నది చదువుతారు.

మన జిల్లాల్లో చిక్కు ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. ఇక్కడ ‘పనికెళ్ళడం’ అంటే కూలికెళ్ళడం. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో విజయనగరం ఉంది. అప్పటినుంచి ‘పనికెళ్ళారా’ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది చెరువు గట్టు మీద మస్టరు. సొంత చేలో ఉభాలకు దిగడం, గేదెను మేపడం, జీడిపిక్కలు ఏరడం ఆ మాట కిందికి రావు. పైగా ‘పని ఉంది’ అంటే కార్డుకో పింఛనుకో ఎసరొస్తుందన్న భయం కూడా ఉంటుంది.

ఒక ఇల్లు చెబుతాను. ఊరు పేరు వద్దు. గోగునార తీసే రోజులు. ఆమె చెరువు దగ్గర్నుంచి అప్పుడే వచ్చింది, చేతులు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి, చీర కుచ్చెళ్ళు తడిసి ఆ ఊరిన కాడల వాసన వేస్తోంది. నా ఫారంలో ఉన్న ప్రశ్న ఇది: ‘గత ఏడు రోజులలో మీరు కనీసం ఒక గంట ఏదైనా ఆర్థిక కార్యకలాపంలో పాల్గొన్నారా?’ చదివాను. ఆమె ముందు మొగుడి వైపు చూసింది, తర్వాత నవ్వి, ‘ఏటి కార్యకలాపం బాబూ, ఇంటికాడే ఉంటాను’ అంది. ఫారం ప్రకారం ‘లేదు’ అని రాసి ముందుకు వెళ్ళాలి. తడి చేతులు కళ్ళముందే కనబడుతుంటే రాయలేకపోయాను.

విడివిడిగా అడిగాను. ‘పోయిన మంగళవారం నుంచి నిన్నటి సోమవారం దాకా, మీ చేలో గానీ మీ నార దగ్గర గానీ చెయ్యి పెట్టారా అమ్మా?’ నాలుగు రోజులు, పూట పూట నార తీసిందట. ‘పాలు ఎవరికైనా పోస్తారా?’ రోజూ పొద్దున్న కేంద్రానికి పోసి వస్తుంది. ‘ఎవరి పొలంలోనైనా కూలికి గానీ పనికి పని బదులుకి గానీ వెళ్ళారా?’ ఒక రోజు. లెక్క వేస్తే వారంలో ఏడు రోజులూ ఆమె పనిలోనే ఉంది. ఒక్క ప్రశ్నతో అడిగితే సున్నా, మూడు ప్రశ్నలతో అడిగితే ఏడు.

ఇంతకీ ‘ఆర్థిక కార్యకలాపం’ ఆ ఫారంలోకి ఎలా వచ్చింది? ఇంగ్లిష్ ప్రశ్నను తెలుగు చేస్తారు, ఆ తెలుగును ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్ చేస్తారు, రెండూ సరిపోలితే పాస్. పుస్తకాల తెలుగు ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గుతుంది, ఎందుకంటే అది ఇంగ్లిష్ మాటకు అచ్చంగా జోడీగా తయారైన మాట. రెండు వైపులా ఉన్నవాళ్ళు చదువుకున్నవాళ్ళే. పొరపాటు బయటపడాలంటే ప్రశ్న చదివి, జవాబు రాసుకోకుండా, ‘నేనేమడిగానో మీ మాటల్లో చెప్పండి’ అని ఓ పది పదిహేను మందిని అడగాలి. ‘కూలికెళ్ళానా అని అడిగారు’ అని సగం మంది అంటే ఆ ప్రశ్న పనికిరాదు.

సంస్థ మాటలో న్యాయం లేకపోలేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు వివరిస్తే ఏమవుతుందో నేనూ చూశాను. నాతో తిరిగిన ఒకతను ప్రశ్నను ‘కూలికెళ్తారా’ అని కుదించేశాడు. అతను తిరిగిన ఊళ్ళలో సొంత పొలం పని మొత్తం ఎగిరిపోయింది. ఇంకొకామె ‘పొలం పని చేస్తారు కదా’ అని అడిగేది, అందరూ అవుననేవారు. ఇన్వెస్టిగేటర్ల వారీగా ‘లేదు’ల శాతం పక్కపక్కన పెడితే ఇది రెండో రోజే కనబడుతుంది. ఇప్పుడు గొడవైన సర్వేలో ఆ పట్టిక నెల తర్వాత తీశారు.

అందుకని ఇన్వెస్టిగేటర్లు అడుగుతున్నది వివరించే స్వేచ్ఛ కాదు. చేను, పశువులు, ఇంట్లో చేసి అమ్మేవి, కూలి, బదులు: ఈ ఐదూ ఊరి మాటల్లో అచ్చు వేసి ఇవ్వండి, అందరం అవే చదువుతాం అంటున్నారు. ఎప్పటినుంచి లెక్కపెట్టాలో కూడా అచ్చు వేయాలి. ఏడు రోజులకు సంతను గుర్తు పెట్టడం కంటే వారం పేరు చెప్పడం మేలు, ఎందుకంటే సంత నాలుగు రోజుల కిందటే జరిగి ఉండొచ్చు. ఏడాదికి పైడితల్లమ్మ పండగ కంటే సంక్రాంతి మేలు. ఆ పండగలో జరిగే సిరిమాను ఉత్సవం దసరాని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంది, సంక్రాంతి దాదాపు కదలదు.

దీనికీ ఖరీదు ఉంది. ఇంటికి నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడతాయి, రోజుకు ఒకటి రెండు ఇళ్ళు తగ్గుతాయి. పాత ఫారంతో వచ్చిన అంకెల పక్కన కొత్తవి పెట్టి ‘ఉపాధి పెరిగింది’ అనకూడదు. ఒక విడతలో సగం ఇళ్ళకు పాత ప్రశ్న, సగం ఇళ్ళకు కొత్తది చీటీ తీసి అడిగితే తేడా ఎంతో తెలుస్తుంది. సంస్థ ఇంకా దీనికి ఒప్పుకోలేదు. వచ్చే వారం అవే ఇళ్ళకు మళ్ళీ వెళ్ళమన్నారు, ట్యాబ్‌లో పాత ప్రశ్నే ఉంది.