పది పని దినాలంటే ఏ తారీఖు?

"అర్జీ అందిన పది పని దినాల్లో జవాబు ఇస్తాం." చాలా రసీదుల మీద ఈ వాక్యమే ఉంటుంది. అర్జీ ఇచ్చినవాళ్లకు మాత్రం కావాల్సింది తారీఖు, ఏ రోజు మళ్లీ రావాలో తెలియాలి. దాన్ని క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెడితే పండగ నెలలో తప్పు పోవడం ఖాయం.

2026 జనవరి 9, శుక్రవారం అర్జీ అందిందనుకుందాం. శని, ఆదివారాలు సెలవు ఉండే ఆఫీసు. ఉత్తినే పది కలిపితే జనవరి 19 వస్తుంది, అది పది రోజుల లెక్కే గానీ పది పని దినాల లెక్క కాదు. ఎక్సెల్‌లో అర్జీ తారీఖు B2లో ఉంటే ఇలా రాస్తాం:

```
=WORKDAY(B2,10)
```

జనవరి 23 వస్తుంది. శని, ఆదివారాలు వదిలేసింది, బాగానే ఉంది. కానీ మధ్యలో భోగి 14న, సంక్రాంతి 15న, కనుమ 16న, మళ్లీ 26న రిపబ్లిక్ డే ఉన్నాయి కదా! ఎక్సెల్‌కు ఇవేవీ తెలియవు. మన పండగలు పంచాంగాన్ని బట్టి వస్తాయి, రంజాన్ అయితే నెలవంక కనిపించేదాకా ఖాయం కాదు, పైగా ఒక ఆఫీసులో కనుమ సెలవైతే ఇంకో ఆఫీసులో కాకపోవచ్చు. అందుకే సెలవుల జాబితా మనమే ఇవ్వాలి. ఆ నాలుగు తారీఖులూ E2 నుంచి E5 వరకు కొట్టి, ఫార్ములాను ఇలా మారుద్దాం:

```
=WORKDAY(B2,10,$E$2:$E$5)
```

ఇప్పుడు జనవరి 29, గురువారం వస్తుంది. చేత్తో లెక్కపెట్టి చూడండి. 9వ తారీఖు లెక్కలోకి రాదు, మరుసటి పని దినమే ఒకటో రోజు. 12, 13 తారీఖులతో రెండు, 19 నుంచి 23 వరకు ఐదు కలిపితే ఏడు, ఆ తర్వాత 27, 28, 29. పది సరిపోయాయి. అర్జీ అందిన రోజును కూడా లెక్కించే నిబంధన మీ దగ్గర ఉంటే, ఆ రోజు పని దినమైనప్పుడు B2 బదులు B2-1 రాస్తే సరి. ఒకవేళ సెల్‌లో తారీఖు బదులు 46051 అని కనిపిస్తే కంగారు పడొద్దు, జనవరి 29ని ఎక్సెల్ లోపల దాచుకునే అంకె అదే, సెల్ ఫార్మాట్‌ను డేట్‌కు మారిస్తే చాలు.

ఇక ఆ డాలర్ గుర్తుల సంగతి. నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇక్కడే జరుగుతుంది. అవి పెట్టకుండా ఫార్ములాను కింది వరసకు లాగితే జాబితా కూడా ఒక మెట్టు కిందకు దిగి E3:E6 అవుతుంది, భోగి జారిపోతుంది. అదే తారీఖున వచ్చిన రెండో అర్జీకి గడువు 29 బదులు 28 చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. ఒక్క రోజు తేడా కాబట్టి ఎవరి కంటికీ ఆనదు, కిందికి పోయేకొద్దీ సంక్రాంతి, కనుమ కూడా పోతాయి.

ఇంకో తప్పు కూడా ఇలాగే నిశ్శబ్దంగా జరుగుతుంది. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే, మనం ఆగస్టు నెలను ఉద్దేశించి 05/08/2026 అని కొట్టినది మే 8 అయి కూర్చుంటుంది. అందుకే సెలవుల పక్క కాలమ్‌లో `=TEXT(E2,"dddd d mmmm")` పెట్టుకుంటాను. వారమూ నెల పేరూ కనబడితే తప్పు వెంటనే పట్టుబడుతుంది.

శనివారం పనిచేసే ఆఫీసులైతే WORKDAY.INTL వాడాలి. దాంట్లో 11 అని ఇస్తే ఆదివారం ఒక్కటే వారాంతపు సెలవు:

```
=WORKDAY.INTL(B2,10,11,$E$2:$E$5)
```

దీనికి జవాబు జనవరి 24. మరి బ్యాంకుల్లా రెండో, నాలుగో శనివారాలు మాత్రమే సెలవైతే? దానికి విడిగా కోడ్ లేదు. ఆ శనివారాలను కూడా సెలవుల జాబితాలోనే చేర్చాలి. ఇక్కడ 10, 24 తారీఖులను E6, E7లలో చేర్చి, ఫార్ములాలో జాబితాను E7 దాకా పొడిగిస్తే గడువు జనవరి 28కి వెళ్తుంది. 2025 ఉగాదిలా పండగ ఆదివారం పడినా జాబితాలో ఉంచేయొచ్చు, ఒకే రోజును రెండుసార్లు వదలదు.

డిసెంబరులో వచ్చే అర్జీల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. గడువు జనవరిలోకి దాటిపోతుంది, మీ జాబితా డిసెంబరు 25తో ఆగిపోయి ఉంటే భోగి రోజున జవాబు ఇస్తామని రసీదు మీద అచ్చు పడుతుంది. కొత్త ఏడాది సెలవుల ఉత్తర్వు రాగానే ఆ తారీఖులను పాతవాటి కిందే చేర్చి, ఫార్ములాలో ఆఖరి సెల్ నంబరు పెంచాలి.