మూడు రెట్లు తొమ్మిది రెట్లుగా కనిపించే బొమ్మ

కిందటి ఏడాది 10 వేల మొక్కలు నాటారు, ఈ ఏడాది 30 వేలు నాటారు అనుకుందాం. ఈ సంగతిని పోస్టర్ మీద చూపించాలి. గీసే మనిషి రెండు చెట్ల బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. చిన్న చెట్టు ఎత్తు 2 సెంటీమీటర్లు, పెద్ద చెట్టు ఎత్తు 6 సెంటీమీటర్లు. మొక్కలు మూడు రెట్లయ్యాయి, చెట్టు ఎత్తు కూడా మూడు రెట్లయింది. స్కేలు పెట్టి కొలిస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది. కింద అంకెలు కూడా తప్పులేకుండా వేశాడు.

అయినా ఆ పోస్టర్ తప్పే చెబుతోంది. చెట్టును పైకి సాగదీసినప్పుడు అది పక్కకూ సాగింది. ఎత్తు మూడు రెట్లు, వెడల్పు మూడు రెట్లు, కాబట్టి కాగితం మీద అది ఆక్రమించిన చోటు తొమ్మిది రెట్లు. నమ్మకం కుదరకపోతే రెండు బొమ్మల్నీ గ్రాఫ్ కాగితం మీదకు దించి గళ్లు లెక్కపెట్టి చూడండి. చిన్న చెట్టు కింద 60 గళ్లు ఉంటే పెద్ద చెట్టు కింద 540 దాకా వస్తాయి. చూసేవాళ్లు మాత్రం చెట్టు పక్కన స్కేలు పెట్టి ఎత్తు కొలవరు. వాళ్ల కంటికి ముందు ఆనేది ఆకుపచ్చ రంగు ఎంత మేర పరుచుకుందన్నదే.

ఇందులో గీసినవాడి దురుద్దేశం చాలాసార్లు ఏమీ ఉండదు. మామూలు బార్ గ్రాఫ్‌లో కడ్డీలన్నిటి వెడల్పూ ఒకటే. అందువల్ల ఎత్తు మూడు రెట్లయితే వైశాల్యం కూడా మూడు రెట్లే అవుతుంది. కన్ను దేన్ని చూసినా ఒకే జవాబు దొరుకుతుంది. అదే కడ్డీ స్థానంలో చెట్టును పెట్టి ఎత్తు మాత్రమే పెంచితే చెట్టు సన్నగా, పొడుగ్గా, వికారంగా తయారవుతుంది. మనిషి బొమ్మయితే మరీ దారుణం. అందుకని బొమ్మ అందం చెడకుండా మూల పట్టుకుని లాగుతాం. ఎత్తు, వెడల్పు కలిసి పెరుగుతాయి. బొమ్మ రూపం కాపాడటం కోసం లాగిన ఆ లాగుడులోనే అంకె చెడిపోతుంది. గీస్తున్నప్పుడు మన దృష్టంతా ఎత్తు మీదే ఉంటుంది కాబట్టి ఆ తప్పు మనకే కనపడదు.

బొమ్మ చదునైనది కాకుండా డ్రమ్ములాగో, సంచిలాగో, పెట్టెలాగో ఉంటే సమస్య ఇంకా ముదురుతుంది. నీడలు వేసి గుండ్రంగా చూపించిన డ్రమ్మును చూసినప్పుడు, అందులో ఎంత పడుతుందన్న ఊహ కూడా మనసులోకి వస్తుంది. మూడు రెట్ల ఎత్తు, మూడు రెట్ల వెడల్పు, మూడు రెట్ల లోతు అంటే 27 రెట్లు పట్టే డ్రమ్ము.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 1978లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో వచ్చిన డాలరు బొమ్మ. ధరలు పెరిగి డాలరు విలువ ఎలా పడిపోయిందో అందులో చూపించారు. 1958లో డాలరుకు పూర్తి 100 సెంట్ల విలువ ఉందనుకుంటే, 1978 నాటికి దానికి మిగిలింది 44 సెంట్లు. నోటు మీద ఆయా కాలాల అధ్యక్షుల ముఖాలు వేసి, పెద్ద నోటు నుంచి చిన్న నోటు దాకా వరసగా పేర్చారు. నోట్ల పొడవును విలువ ప్రకారం తగ్గించారు. నోటు రూపం చెడకూడదు గనుక వెడల్పూ దాంతోపాటే తగ్గింది. 0.44ను 0.44తో గుణిస్తే వచ్చేది 0.19. అంటే నిజంగా 44 శాతం మిగిలిన డాలరు, కాగితం మీద 19 శాతమే మిగిలినట్టు కనిపించింది. చివరి నోటు వైశాల్యం ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. డాలరు విలువ పడిపోయిన మాట నిజమే, కానీ బొమ్మ దాన్ని ఇంకా చాలా లోతుకు పడేసింది.

ఈ బొమ్మను తన పుస్తకంలో ఎత్తి చూపిన అమెరికా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ, 1983లో ఇలాంటి తప్పును కొలిచే సులువైన పద్ధతి ఒకటి ఇచ్చాడు. బొమ్మలో కనిపించే మార్పును అసలు అంకెల్లో ఉన్న మార్పుతో భాగించాలి. దానికి ఆయన పెట్టిన పేరు లై ఫ్యాక్టర్, తెలుగులో అబద్ధపు గుణకం అనొచ్చు. మన చెట్లకే వేసి చూద్దాం. 10 వేల నుంచి 30 వేలకు పెరగడం అంటే 200 శాతం పెరుగుదల. బొమ్మ వైశాల్యం 1 నుంచి 9కి పెరగడం అంటే 800 శాతం. 800ని 200తో భాగిస్తే 4. నిజాయితీగా గీసిన బొమ్మకు ఇది 1కి దగ్గర్లో ఉండాలి.

అయితే ఎత్తును వర్గమూలం ప్రకారం పెంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. 3కు వర్గమూలం 1.73, కాబట్టి పెద్ద చెట్టును 6 సెంటీమీటర్లు కాకుండా సుమారు 3.5 సెంటీమీటర్లు గీస్తే వైశాల్యం సరిగ్గా మూడు రెట్లే ఉంటుంది. లెక్క ప్రకారం ఇదే ఒప్పు. అబద్ధపు గుణకం కూడా 1కి వచ్చేస్తుంది. కానీ ఇక్కడ మన కన్నే ఇంకో మెలిక పెడుతుంది, నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. పొడవుల్ని పోల్చడంలో మనం బాగానే ఉంటాం. వైశాల్యాల్ని పోల్చేటప్పుడు మాత్రం పెద్దదాన్ని ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేస్తాం. మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ లెక్క ప్రకారం, మనకు తోచే పరిమాణం అసలు వైశాల్యానికి సుమారు 0.7 ఘాతంగా పెరుగుతుంది. ఆ లెక్కన మూడు రెట్ల వైశాల్యం మనకు 2.2 రెట్లలాగే తోస్తుంది. తొమ్మిది రెట్లది 4.7 రెట్లలాగా తోస్తుంది. ఈ 0.7 కూడా అందరికీ ఒకేలా ఉండదు, మనిషిని బట్టి, బొమ్మను బట్టి మారుతుంది. కాబట్టి ఎత్తు ప్రకారం గీస్తే తేడా ఎక్కువగా కనిపిస్తుంది, వైశాల్యం ప్రకారం గీస్తే తక్కువగా కనిపిస్తుంది. అందరి కంటికీ సరిగ్గా మూడు రెట్లుగా కనిపించే చెట్టంటూ ఒకటి గీయడం కుదరదు.

ఈ చిక్కును 1920ల్లోనే వియన్నాలో సామాజిక శాస్త్రవేత్త ఓటో నాయ్‌రాత్ బృందం పూర్తిగా పక్కకు నెట్టేసింది. మామూలు జనం కోసం 1925లో మొదలైన తమ మ్యూజియంలో గణాంకాల్ని బొమ్మలతోనే చెప్పాలనుకున్నారు వాళ్లు. వాళ్లు గట్టిగా పట్టుకున్న నియమం ఒక్కటే: సంఖ్య పెరిగితే బొమ్మ పెద్దది కాకూడదు, బొమ్మల సంఖ్య పెరగాలి. మన పోస్టర్లో అయితే ఒక్కో చెట్టు 10 వేల మొక్కలకు గుర్తు. కిందటి ఏడాది వరసలో ఒక చెట్టు, ఈ ఏడాది వరసలో అదే సైజువి మూడు చెట్లు. ఇక ఎవరూ వైశాల్యాన్ని ఊహించక్కర్లేదు, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే చాలు. లెక్కపెట్టకపోయినా వరస పొడవే మూడు రెట్లుంటుంది, అంటే బార్ గ్రాఫ్ చేసే పనే జరుగుతుంది. చెట్టు చెట్టులాగే ఉంటుంది, అంకె అంకెలాగే ఉంటుంది. బొమ్మల మధ్య ఖాళీ మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండాలి, లేకపోతే వరస పొడవు మళ్లీ మోసం చేస్తుంది.

ఈ పద్ధతి అన్నిచోట్లా కుదరదు. 34 వేలు చూపించాలంటే నాలుగో చెట్టును ముక్కగా కోయాలి, ఆ ముక్క ఎంతో కంటికి సరిగ్గా ఆనదు. ఒక ఊళ్లో 500, ఇంకో ఊళ్లో 5 లక్షలు ఉన్న మ్యాపు మీద వరసలు పేర్చడానికి చోటే ఉండదు. అలాంటప్పుడు మ్యాపులు గీసేవాళ్లు చెట్టునూ మనిషినీ వదిలేసి మామూలు వృత్తాలు వాడతారు, వాటి వ్యాసాన్ని వర్గమూలం ప్రకారం పెంచుతారు. మ్యాపు మూలన ఇంత వృత్తమంటే 1,000, ఇంత అంటే 10,000, ఇంత అంటే 1,00,000 అని మూడు నాలుగు కొలత వృత్తాలు గీసి ఉంచుతారు. చూసేవాళ్లు తమ ఊరి వృత్తాన్ని వాటితో పోల్చుకుని అంకె తెలుసుకుంటారు.