పెంటా ఒకటికీ మూడుకీ నడుమ ఆరుగురు పిల్లలు

ఊరి సమావేశంలో టీకాల బార్ చార్టు గోడకి తగిలిస్తే అందరి చూపూ ముందు ఎత్తయిన పట్టీ మీదికే పోతుంది. ఊరి సంగతి అన్నిటికంటే తక్కువ చెప్పేది మాత్రం ఆ పట్టీయే. అది సాధారణంగా క్షయ టీకా బీసీజీది. కాన్పు ఆసుపత్రిలో జరిగితే బీసీజీ, పుట్టగానే వేసే పోలియో చుక్కలు, హెపటైటిస్ బి సూది అక్కడే పడిపోతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పేట్లబుర్జుకో గాంధీకో పోయి కని వస్తే, ఆ పట్టీ ఎత్తులో ఊరి ఆరోగ్య కార్యకర్త శ్రమ ఉండేది కొంతే. ఆమె అసలు పని బిడ్డకు నెలన్నర నిండినప్పుడు మొదలవుతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక ఊరు ఉందనుకుందాం. ఊరూ అంకెలూ లెక్క కోసం ఊహించినవి, అందులోని చిక్కులు మాత్రం నిజమైనవి. అక్కడ ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లలు 40 మంది. ఈ వయసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఏడు నెలల బిడ్డకు తొమ్మిదో నెల టీకా ఇంకా రావలసి ఉంటుంది. అలాంటి పిల్లల్ని కూడా కలిపేస్తే తప్పెవరిదీ కాకుండానే ఆ పట్టీ పొట్టిదవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 12–23 నెలల పిల్లల్నే లెక్కిస్తుంది. 2019–21 సర్వేలో దేశంలో ఆ వయసు పిల్లల్లో అన్ని టీకాలూ పూర్తయినవాళ్లు 76.4 శాతమని తేలింది.

మన ఊరి చార్టులో ఐదు పట్టీలు. బీసీజీ 38 మంది, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటా టీకా మొదటి డోసు 36, పెంటా మూడో డోసు 30, తట్టు-రుబెల్లా మొదటి డోసు 32, అన్నీ పూర్తయినవాళ్లు 26. శాతాల్లో వరసగా 95, 90, 75, 80, 65. పంచాయతీ ఆఫీసు వరండాలో ఆశ కార్యకర్త లేచి ఇలా చెప్పిందనుకోండి:

"పెద్దలకు, అక్కలకు, చెల్లెండ్లకు నమస్తే. గీ చార్టుల పట్టీలు ఎంత పొడుగున్నయో తర్వాత జూద్దాం. ముందుగాల ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి ఎంత దిగిందో జూడుండ్రి. నెలన్నరకు వేసే పెంటా 36 మందికి పడ్డది. మూడున్నర నెలలకు వేసేది 30 మందికే పడ్డది. అంటే ఆరుగురు పిలగాండ్లు ఒకపారి మన దగ్గరికి వచ్చిండ్రు, మళ్ల రాలే. సెంటరు యాడున్నదో వాళ్లకు ఎరుకే, సూది వద్దని మొదట్ల అనలే. మరి నడుమల ఏమైంది? గదే ఇయ్యాల మాట్లాడుకుందాం.

ఇంకోటి జూడుండ్రి. తొమ్మిదో నెల సూది 32 మందికి పడ్డది. మూడున్నర నెలల సూది కంటే ఇద్దరికి ఎక్కువ. మెట్లు దిగుకుంట దిగుకుంట పోయి, నడుమల ఒక మెట్టు పైకి లేసినట్టు లేదా? నాకు గీడనే అనుమానం వచ్చి, ఇల్లిల్లు తిరిగి కార్డులు జూసిన. పురుటికి తల్లిగారింటికి పోయినోళ్లు ఐదో నెలకు వస్తరు. నెలన్నర సూదికి ఇక్కడికి వచ్చి పోయినోళ్లున్నరు, మిగతావి అక్కడనే ఏయించుకున్నోళ్లున్నరు. కార్డు మీద తారీఖు ఉంది, మన రిజిస్టర్ల లేదు. అట్లాంటోళ్లు ఇద్దరు దొరికిండ్రు. మిగిలింది నలుగురు."

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆమె పట్టుకున్నది చిన్న విషయం కాదు. పెంటా ఒకటి నుంచి మూడుకు మధ్య జారిపోయిన పిల్లల శాతాన్ని డ్రాపౌట్ రేటు అంటారు. 36లో 6, అంటే దాదాపు 17 శాతం. చార్టులో 90 నుంచి 75కు దిగింది కాబట్టి 15 శాతం అని చాలామంది చెప్పేస్తారు, అది సరికాదు. మొదటి డోసు వేయించుకున్నవాళ్లలో ఎంతమంది తప్పారన్నదే లెక్క కాబట్టి 36తోనే భాగించాలి. పది శాతం దాటితే వచ్చినవాళ్లను నిలుపుకోవడంలో లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో గుర్తిస్తారు. పెంటా మొదటి డోసు పట్టీయే పొట్టిగా ఉంటే జబ్బు వేరు: టీకా కేంద్రం దూరమో, కుటుంబాలు జాబితాలోనే లేకపోవడమో. మొదటి డోసుది ఎత్తుగా ఉండి మూడో డోసుది కుంగితే, కేంద్రం అందుబాటులో ఉన్నా ఆ తర్వాత ఏదో అడ్డుపడిందన్నమాట.

కార్డులు చూశాక పెంటా మూడు 32కు చేరింది, డ్రాపౌట్ 36లో 4, అంటే 11 శాతానికి తగ్గింది. ఒక్క కొత్త సూదీ పడలేదు, రాత మాత్రమే సరయింది. పట్టీలు వరసగా దిగాల్సిన చోట ఒకటి పైకి లేస్తే, సూది తప్పిందా లేక నమోదు తప్పిందా అని ముందు అనుమానించాలి. నమోదు సరిచేశాక కూడా అది లేచే ఉంటే కారణం వేరే ఉంటుంది. తొమ్మిదో నెలలో వచ్చిన బిడ్డకు తట్టు టీకా వేసి, బాకీ ఉన్న పెంటాను అడగకుండా పంపేసి ఉండవచ్చు. రెండూ ఒకే రోజు వేయవచ్చు, వేరు వేరు చోట్ల పొడుస్తారు, అంతే.

"ఆ నలుగురి సంగతి జెప్త, పేర్లు జెప్ప. ఇద్దరిండ్లల్ల అమ్మానాన్న ఇద్దరు పొద్దుగాల్నే పట్నం అడ్డా మీదికి కూలికి పోతరు. బుధవారం నాడు బిడ్డను సెంటరుకు తెచ్చేటోళ్లు ఇంట్ల లేరు. ఇంకో ఇద్దరికి మొదటి సూదికి జరం వచ్చింది, రాత్రంత ఏడ్సిండ్రు. ముసలమ్మ వద్దన్నది. ఆమెను తప్పువట్ట, మనుమడు ఏడిస్తే ఎవరికైనా పానం కొట్టుకుంటది. గా జరం ఎందుకొస్తదో మొదటి సూది నాడే నేను మంచిగ జెప్పాలె."

ఆ జ్వరానికి కారణం ఉంది. పెంటాలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, న్యుమోనియా తెచ్చే హిబ్ బాక్టీరియా అనే ఐదింటికి రక్షణ ఉంటుంది. మన ప్రభుత్వ కార్యక్రమంలో వాడే దాంట్లో కోరింత దగ్గు భాగం చంపిన బాక్టీరియాను మొత్తంగా వాడి చేసింది. శరీరం దానికి గట్టిగా స్పందిస్తుంది కాబట్టి జ్వరం, సూది పడిన చోట వాపు తరచూ వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. టీకా వేసే నర్సు ఏఎన్ఎం పారాసిటమాల్ ఎంత వేయాలో చెప్పి పంపేది ఇందుకే. ఆ ఒక్క మాట చెప్పకుండా పంపితే దాని ఫలితం తర్వాత చార్టులో పొట్టి పట్టీగా కనబడుతుంది.

అప్పుడు ఒక పెద్దాయన అడిగాడనుకోండి: "ఆశమ్మా, ఏడాది దాటినంక ఇంకేం సూది? మళ్ల మొదటికెళ్లి ఏయాల్నా?"

"లేదు తాతా. పడ్డయి పడ్డట్టే. యాడ ఆగిందో ఆడికెళ్లే ఏస్తరు. ఏడాది లోపల పెంటా ఒక్కటన్న పడ్డ బిడ్డకు మిగిలినయి ఇప్పుడు గూడ ఏయొచ్చు, ఒకదానికి ఇంకోదానికి నడుమ కనీసం నాలుగు వారాలు ఉండాలె, అంతే."

అసలు ఒక్క పెంటా డోసూ పడకుండా ఏడాది దాటిన బిడ్డకు పెంటా మొదలుపెట్టరు, దాని బదులు డీపీటీ వేస్తారు. అలాంటి పిల్లలే ఈ చార్టుకు పెద్ద పరీక్ష, ఎందుకంటే వాళ్లు చార్టులో ఉండకపోవచ్చు. నగరం అంచు ఊళ్లలో ఇది ప్రత్యేకమైన చిక్కు. అపార్టుమెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో, ఇటుక బట్టీల దగ్గర, ఒడిశా నుంచీ ఇతర జిల్లాల నుంచీ వచ్చిన కుటుంబాలు ఉంటాయి. ఓటర్ల జాబితాలో వాళ్లు ఉండరు, చాలాసార్లు టీకాల సర్వే పుస్తకంలోనూ ఉండరు.

"ఆఖరికి ఒక మాట. గా కొత్త బిల్డింగు దగ్గర షెడ్లల్ల మొన్న లెక్కవెట్టిన. మన చార్టు వయసు పిలగాండ్లు పది మంది ఉన్నరు. కార్డుతోని పెంటా మొదటిది పడ్డోళ్లు ఇద్దరే. వాళ్లను గూడ మన లెక్కల కలిపితే 50 మందిల 38 మంది. తొంభై ఉన్న పట్టీ 76కు దిగుతది. సర్పంచ్ సాబ్, మన ఊరి పేరు ఖరాబైతదని అనుకోకుండ్రి. తట్టు వచ్చిందంటే గీళ్లు మనోళ్లు, గాళ్లు బయటోళ్లు అని జూడదు."

ఆమె చివరి మాట వెనక గట్టి లెక్క ఉంది. ఎవరికీ రక్షణ లేని చోట ఒక తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. అందుకే వ్యాప్తిని ఆపడానికి రెండు డోసులూ 95 శాతం పిల్లలకు చేరాలంటారు. పైగా తొమ్మిది నెలలకు వేసిన మొదటి డోసు సుమారు 85 శాతం మందిలోనే పనిచేస్తుంది. టీకా పడిన 32 మందిలో నిజంగా రక్షణ ఉన్నవాళ్లు దాదాపు 27 మంది అన్నమాట. 16–24 నెలల మధ్య రెండో డోసు వేసేది మిగిలినవాళ్ల కోసమే. టీకా పడనివాళ్లు ఊరంతా చెదిరి ఉంటే ఒక తీరు, అందరూ ఒకే షెడ్ల వరసలో ఉంటే మరో తీరు. రెండో సందర్భంలో ఊరి సగటు ఎంత ఎత్తున్నా ఆ వరసలో తట్టు పాకుతుంది. బార్ చార్టు ఈ గుంపును చూపించలేదు. దానికి ఊరి పటం మీద ఇళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఐదో పట్టీ గురించి కూడా ఒక మాట. 'అన్నీ పూర్తి' పట్టీ మిగతా అన్నిటికంటే పొట్టిగా ఉంటే ఎవరో లెక్క తప్పారనుకుంటారు. మొదట గీసిన చార్టులో పెంటా మూడు పడిన 30 మంది, తట్టు టీకా పడిన 32 మంది ఒకే పిల్లలు కానక్కర్లేదు. ఈ రెండింటినే చూసినా, రెండూ పడినవాళ్లు 22 నుంచి 30 దాకా ఎంతమందైనా కావచ్చు. పట్టీలు చూసి ఆ సంఖ్య చెప్పలేం, ఒక్కొక్క బిడ్డ వరసనూ రిజిస్టర్లో చదవాల్సిందే. ఇక 40 మంది ఉన్న ఊళ్లో ఒక బిడ్డంటే రెండున్నర శాతం. పోయిన ఏడాది కంటే ఐదు శాతం పెరిగిందంటే ఇద్దరు పిల్లలు అని అర్థం. ఇంత చిన్న ఊరికి శాతాల కంటే తలల లెక్కే నయమని నా అభిప్రాయం.

షెడ్ల పిల్లల్ని కలిపిన ఆశ కార్యకర్తకు ఒక ఇబ్బంది మిగులుతుంది. వచ్చే నెల సమీక్షలో ఆమె ఊరి పట్టీ 90 నుంచి 76కు పడిపోయినట్టు కనబడుతుంది. వాళ్లను కలపని పక్క ఊరిది 92 ఉండవచ్చు, ఊరికి కేటాయించిన లక్ష్యం పాత జనాభా లెక్కదైతే 104 కూడా ఉండవచ్చు. వంద దాటిన పట్టీ కనబడితే మెచ్చుకోకుండా భాగించిన సంఖ్య ఎక్కడిదో అడగాలి. అందుకే చార్టు కింద, ప్రతి పట్టీ దగ్గరా, ఎంతమందిలో ఎంతమంది అన్నది చేత్తో రాసిపెట్టడం మంచిది: పాత పట్టీకి 40లో 36, కొత్త పట్టీకి 50లో 38. సమీక్షకు వచ్చిన అధికారి రెండు నిమిషాలు నిలబడి చదివితే చాలు, టీకా పడిన పిల్లలు ఇద్దరు పెరిగారని, లెక్కలోకి వచ్చిన పిల్లలు పది మంది పెరిగారని తెలిసిపోతుంది.