శ్రీమతి అంటే పెళ్లయినావిడేనా?

మా ఇంట్లో ఒక పెళ్లికార్డు ప్రూఫ్ వచ్చినప్పుడు గొడవంతా ఒక్క మాట దగ్గరే జరిగింది. ‘ఆహ్వానించువారు’ కింద మా పెద్దమ్మ పేరు ముందు ప్రెస్ అతను ‘శ్రీమతి’ అని వేశాడు. పెదనాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. “ఆయన లేరుగా, ఇంకా శ్రీమతి ఏంటి, తీసేయించండి” అన్నాడు ఒక దూరపు చుట్టం. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు.

మాట మూలం చూస్తే ఆ అభ్యంతరానికి చోటే లేదు. శ్రీ అంటే లక్ష్మి, సంపద, శోభ. శ్రీ గలవాడు శ్రీమంతుడు, శ్రీ గలది శ్రీమతి. బుద్ధిమంతుడు, బుద్ధిమతి ఎలాగో ఇదీ అంతే. అందులో పెళ్లి ప్రస్తావన లేదు. ‘మా శ్రీమతి’ అంటే ‘మా ఆవిడ’ అనే అర్థం వాడుకలో వచ్చి చేరింది.

పాతకాలపు ఉత్తరాల్లో శ్రీకి వేరే లెక్కలుండేవి. గురువుకు రాస్తే ఆరు శ్రీలు, యజమానికి అయిదు, శత్రువుకు నాలుగు, స్నేహితుడికి మూడు, సేవకుడికి రెండు, కొడుక్కీ భార్యకీ ఒక్కొక్కటి అని ఒక సంస్కృత శ్లోకం చెబుతుంది. స్నేహితుడి కంటే శత్రువుకే ఒక శ్రీ ఎక్కువ! పీఠాధిపతుల పేర్ల ముందు మనం ఇప్పటికీ వేసే ‘శ్రీశ్రీశ్రీ’ ఈ ఆచారానికి చుట్టమే.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో తెలుగు పెద్దమనుషుల పేర్ల ముందు కనిపించేది ‘మ.రా.రా.శ్రీ.’. మహారాజ రాజశ్రీ అన్నమాట. పేరు చివర గారు ఉండేది. ఇంగ్లీషు సర్కారు కాగితాల్లో కూడా దీన్ని M.R.Ry. అని పొట్టిగా వేసేవారు. ఆడవాళ్లకు మాత్రం సంబోధనలోనే భర్త ఉన్నాడో లేడో తెలిసిపోయేది. ముత్తైదువ అయితే ‘లక్ష్మీ సౌభాగ్యవతి’, భర్త పోతే ‘గంగాభాగీరథీ సమానురాలు’. మా చుట్టం అభ్యంతరం వచ్చింది ఇక్కణ్నుంచే. పాత వివక్షను ఆయన కొత్త మాటకు తగిలించాడు, అంతే.

ఆ కొత్త వరస ఇంగ్లీషు చలవ. మిస్టర్, మిసెస్, మిస్ అనే మూడు గళ్లలో శ్రీ, శ్రీమతి, కుమారి వచ్చి కూర్చున్నాయి. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ కాగితాల్లోనూ, పార్లమెంటు చర్చల రికార్డుల్లోనూ ఇవే స్థిరపడ్డాయి. తమిళనాడులో 1967లో అధికారంలోకి వచ్చిన అన్నాదురై ప్రభుత్వం వీటిని తీసేసి తిరు, తిరుమతి, సెల్వి అని తమిళ మాటలు పెట్టింది. మాటలు మారాయి గానీ గళ్లు మారలేదు. అందుకే జయలలిత అరవై దాటాక కూడా ‘సెల్వి’గానే ఉన్నారు. హిందీవాళ్లు పెళ్లితో పనిలేకుండా ‘సుశ్రీ’ అంటారు. మనకది పెద్దగా అంటలేదు.

అంటాల్సిన అవసరమూ లేదనుకుంటాను, మనకు ‘గారు’ ఉంది కాబట్టి. ఆడా మగా, పెళ్లయిందా లేదా అని అడగని మాట అది. ఒక ఆఫీసులో మేడమ్‌కు ఉత్తరం రాయాలి, ఆవిడ సంగతులేవీ తెలియవు. పేరు, పక్కన గారు, కింద హోదా రాస్తే సరిపోతుంది. నలభై అయిదేళ్ల లెక్చరర్ పేరు ముందు ‘కుమారి’ అని ఊహించి రాయడం కంటే ఇది నయం. కుమారి అనిపించుకోవడం ఆవిడకే ఇష్టమైతే అలాగే రాయాలి. డాక్టర్, ప్రొఫెసర్ ఉన్నచోట శ్రీమతి, కుమారి రెండూ అక్కర్లేదు.

ఇక మా ప్రూఫ్. పెళ్లికూతురికి ‘చి.ల.సౌ. కుమారి’ అని ఉంది. చి.ల.సౌ. అంటేనే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పెళ్లికి ముందే సౌభాగ్యవతి ఏమిటంటే, అది దీవెన. పక్కన కుమారి దండగ, కొట్టేశాం. పెదనాన్న పేరు ముందు ‘కీ.శే. శ్రీ’ అని ఉంది. కీర్తి మాత్రమే మిగిలినవారని చెప్పాక శ్రీ ఎందుకు, అదీ పోయింది. పెద్దమ్మ పేరు ముందు శ్రీమతి అలాగే ఉంచాం.

మిగిలింది మా బాబాయి పేరు. పిలిచేది తనే, తన పేరు ముందు తనే ‘శ్రీ’ పెట్టుకోకూడదు. ఉత్తరం కింద సంతకానికీ ఇదే పద్ధతి, గౌరవం ఎదుటివాళ్లు ఇచ్చేది కదా. ఆ మాట చెబితే బాబాయి కార్డు చేతిలోకి తీసుకుని, “శ్రీ లేకపోతే బోసిగా ఉందిరా” అన్నాడు. అయిదు వందల కార్డులూ శ్రీతోనే అచ్చయ్యాయి.