మూడు పేపర్లతో బయోస్కెచ్ రాయడం ఎలా

పీహెచ్‌డీ ముగించి, రెండేళ్లు పోస్ట్‌డాక్ చేసి, మొదటిసారి సొంతంగా గ్రాంట్‌కి అప్లై చేసేవాళ్లు, దరఖాస్తులో తమ గురించీ తమ పని గురించీ చెప్పుకునే బయోస్కెచ్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. చేతిలో ఉన్నవి మూడు పేపర్లు. ఇక ఉన్నవాటినే గట్టిగా చూపిద్దామని ఇలా రాస్తారు (ఇది నేను అల్లిన ఉదాహరణే, కానీ ఇలాంటివి చాలా కనిపిస్తాయి):

"యాంటీబయాటిక్స్‌ను తట్టుకునే బ్యాక్టీరియాపై విస్తృతంగా పరిశోధించాను. పేరున్న జర్నళ్లలో మూడు పేపర్లు వచ్చాయి, రెండింటికి ఫస్ట్ ఆథర్‌ని. నా హెచ్-ఇండెక్స్ 2."

చివరి వాక్యమే అన్నిటికన్నా నష్టం చేస్తుంది. 2005లో హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన ఈ సూచిక లెక్క తేలికే: కనీసం మూడేసి సైటేషన్లున్న పేపర్లు మూడుంటే హెచ్-ఇండెక్స్ 3. అంటే మూడే పేపర్లున్న మనిషికి, ఒక్కోదానికి ఐదొందల సైటేషన్లు వచ్చినా, అది 3 దాటదు. ఈ దశలో ఆ అంకె ప్రతిభ కన్నా వయసునే ఎక్కువ చెబుతుంది. మిగతా రెండు వాక్యాలు చదివాక కూడా ఈయన ఏం కనిపెట్టాడో రివ్యూయర్‌కి తెలియదు.

అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ 2015 నుంచి బయోస్కెచ్‌లో 'విజ్ఞానానికి చేసిన దోహదాలు' అనే భాగాన్ని అడగడం మొదలుపెట్టింది. అక్కడ చెప్పమన్నవి నాలుగు సంగతులు: అంతకుముందు సమస్య ఏ స్థితిలో ఉంది, మీరు కనుక్కున్నదేమిటి, దానివల్ల ఏం మారింది, అందులో మీ చేయి ఎంత. దరఖాస్తు ఏ సంస్థకైనా, ఈ నాలుగూ దగ్గర పెట్టుకుంటే పేరా దానంతటదే నడుస్తుంది.

పై మనిషి విషయమే చూద్దాం. పెన్సిలిన్ వేస్తే బ్యాక్టీరియా దాదాపుగా చచ్చిపోయినా కొద్ది కణాలు మిగిలిపోతాయని, వాటిని మళ్లీ పెంచి పెన్సిలిన్ వేస్తే వాటి సంతతి మామూలుగానే చస్తుందని 1944లో జోసెఫ్ బిగ్గర్ గమనించాడు. వాటికి ఆయన పెట్టిన పేరు పర్సిస్టర్లు. ఇవి జన్యుపరంగా మారినవి కావు, కొంతసేపు మందుకు చిక్కనివి, అంతే. వీటిని లెక్కపెట్టాలంటే మందు వేయకముందూ వేశాకా ప్లేటు మీద కాలనీలు లెక్కిస్తారు. చిక్కేమిటంటే, ముందు రాత్రి పెంచిన కల్చర్‌లోంచి కొత్త మీడియంలోకి తీసుకున్నప్పుడు ఇంకా నిద్ర లేవని కణాలు కూడా వెంట వస్తాయి. మందుకు అవీ చావవు, లెక్కలో కలిసిపోతాయి. ఇప్పుడు పేరా మళ్లీ రాస్తే:

"పర్సిస్టర్ల లెక్క ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ పొసగకపోవడానికి ఒక కారణం, పాత కల్చర్ నుంచి నిద్రలోనే వచ్చిన కణాలు అందులో కలవడం. మందు పడేలోపు ఏ కణం విభజన చెందిందో, ఏది చెందలేదో మైక్రోస్కోప్ కింద విడివిడిగా గుర్తించే పద్ధతి తయారుచేశాను. ఒక ఈ. కోలై స్ట్రెయిన్‌లో, ఆంపిసిలిన్‌తో, బతికి బయటపడ్డవాటిలో ఎక్కువ భాగం అప్పటికి ఒక్కసారీ విభజన చెందనివే. కణాలను మైక్రోస్కోప్ కింద పట్టి ఉంచే చిప్ డిజైన్, ఇమేజ్ విశ్లేషణ కోడ్ నావి. గణిత నమూనా నా సహ రచయితది. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, మరో రెండు ల్యాబ్‌లు వాడుతున్నాయి. ఇక మిగిలిన కొద్ది కణాల సంగతి తేలాలి: చురుగ్గా విభజన చెందుతున్న కణం మందును ఎలా తప్పించుకుంటుంది? ఈ గ్రాంట్ అడుగుతున్నది దానికోసమే."

పేపర్లు పెరగలేదు. కానీ తర్వాతి ప్రశ్న ముందు పనిలో మిగిలిపోయిన కణాల్లోంచే వచ్చింది. కెరీర్ మొదట్లో దిశ అంటే నేను ఇదే అనుకుంటాను. "భవిష్యత్తులో క్యాన్సర్‌కూ దీన్ని విస్తరిస్తాను" అనేది దిశ కాదు, దూకుడు.

"ఒక స్ట్రెయిన్‌లో, ఆంపిసిలిన్‌తో" అన్న ముక్క తీసేద్దామా అని చాలామందికి అనిపిస్తుంది. తీయకూడదు. ఈ రంగం తెలిసిన రివ్యూయర్ మొదట వెతికే హద్దు అదే. మీరే చెబితే జాగ్రత్తపరుడంటాడు, ఆయన కనిపెడితే దాచారంటాడు.

ఎక్కువగా దెబ్బతినేది 'మేము' దగ్గర. కలిసి చేసిన పనిని 'నేను' అనడానికి మొహమాటం, సహజమే. దానికో పరీక్ష ఉంది: పేరాలో మీ పేరు తీసేసి మీ గైడ్ పేరు పెట్టి చదవండి. అన్నీ అలాగే నిజమనిపిస్తే మీ పాత్ర ఇంకా కాగితం మీదికి రాలేదు. పై పేరాలో చిప్, కోడ్ అన్న రెండు మాటలే ఆ పని చేస్తున్నాయి. నమూనా తనది కాదని ఒప్పుకోవడం వల్ల ఆ రెండింటినీ ఇంకా నమ్మబుద్ధేస్తుంది.

ఇంత చేసినా ఆధారం లేని మాట నిలవదు. "రెండు ల్యాబ్‌లు వాడుతున్నాయి" అంటే అది ఎక్కడో ఒకచోట కనబడాలి: వాళ్ల ప్రిప్రింట్‌లోనో, కోడ్ పేజీలోనో. చూపించలేకపోతే ఆ వాక్యం కొట్టేయడమే మేలు. చోటు సరిపోక ఇంకా కోయాల్సి వస్తే జర్నళ్ల పేర్లు పోనివ్వండి, అవి ఎలాగూ పేపర్ల జాబితాలో ఉంటాయి. సహ రచయితకు ఇచ్చిన చిన్న వాక్యాన్ని మాత్రం ముట్టుకోకండి.