“బిడ్డకి నేనే ఏమైనా చేసేస్తానేమో”: బాలింతల ఆలోచనల చుట్టూ అపోహలు, వాస్తవాలు

ఆ అమ్మాయి మా క్లినిక్‌కి వచ్చేసరికి పాపకి ఐదో వారం. పాపని ఎత్తుకున్నది తను కాదు, వాళ్లమ్మ. తను రెండు కుర్చీల అవతల, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. (గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి రాస్తున్నాను.) వాళ్లమ్మే ముందు మాట్లాడింది: “పిల్లని దగ్గరికి తీసుకోదండీ. పాలు పట్టేసి వెంటనే నా చేతికిచ్చేస్తుంది. పిల్లంటే ఇష్టం లేదేమో అనిపిస్తోంది.”

తల్లిని కాసేపు బయట కూర్చోమన్నాను. అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇలాంటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటుంది: “కాన్పు తర్వాత చాలామంది తల్లులకి బిడ్డకి ఏదో అయిపోతుందేమో అనో, తామే ఏదైనా చేసేస్తామేమో అనో చెడ్డ ఆలోచనలు వస్తాయి. మీకూ అలా వచ్చాయా?” ‘చాలామందికి’ అన్న మాట దగ్గరే ఏడుపు మొదలైంది.

రెండో వారంలో ఒకరోజు వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతుంటే, పక్కగదిలో పాప ఏడ్చింది. ఆ క్షణంలో కళ్ల ముందు ఒక బొమ్మ: తన చేయి, ఆ కత్తిపీట, పాప. ఒళ్లు జలదరించిందట. కత్తిపీట తీసుకెళ్లి అటక మీద పెట్టేసింది. మర్నాడు పాపని ఎత్తుకుని మూడో అంతస్తు బాల్కనీలో నిలబడితే, కిందకి వదిలేస్తే ఏమవుతుందన్న ఆలోచన. ఇక బాల్కనీ తలుపుకి గడియ. ఆ తర్వాత దిండ్లు. అమ్మమ్మ పాపని కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తుంటే, చెంబు అందించాల్సింది పోయి గదిలోకి వెళ్లి చెవులు మూసుకునేది. “నేను మనిషినేనా డాక్టరు గారూ?” అని అడిగింది.

అపోహ: అలాంటి ఆలోచన వచ్చిందంటే లోపల ఎక్కడో ఆ కోరిక ఉన్నట్టే

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. కెనడాలో 2008లో వెలువడిన ఒక పరిశీలనలో కొత్త తల్లులని నేరుగా అడిగారు. బిడ్డకి ప్రమాదవశాత్తూ ఏదో జరుగుతుందన్న ఆలోచనలు అందరికీ వచ్చాయి. తామే కావాలని హాని చేసినట్టు వచ్చే ఆలోచనలు దాదాపు సగం మందికి వచ్చాయి. అదే బృందం 2022లో ఇంకా పెద్ద సంఖ్యలో తల్లులని గమనించి, ఇలాంటి ఆలోచనలు వచ్చినవాళ్లు పిల్లల్ని ఎక్కువగా హింసిస్తారనడానికి ఆధారం కనపడలేదని చెప్పింది.

మెదడు ఎప్పుడూ ఏవేవో ఊహిస్తూనే ఉంటుంది. రైలు వస్తుంటే ప్లాట్‌ఫారం అంచున నిలబడ్డవాళ్లకి ‘దూకితే?’ అనిపించడం లాంటిదే ఇది. కాన్పయ్యాక బిడ్డని కాపాడుకోవాలన్న జాగ్రత్త ఎక్కువై, నిద్ర చాలక, ఈ ఊహలు పెరుగుతాయి. చాలామందికి వచ్చి పోతాయి. కొందరు మాత్రం ‘ఇలా ఎందుకు వచ్చింది? నేనెలాంటిదాన్ని?’ అని దాన్ని పట్టుకుంటారు. పట్టుకున్నకొద్దీ అది మళ్లీ మళ్లీ వస్తుంది. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదన్న కథ మనకి తెలిసిందే; గుటక గుటకకీ కోతే కనపడుతుంది.

ఆలోచన రోజులో గంటలు తినేసి, దాని చుట్టూ దాచడాలు, తప్పుకోవడాలు, పదే పదే అడగడాలు పేరుకుంటే దాన్ని ఓసీడీ అంటాం. ఓసీడీ పట్టుకునేది ఎప్పుడూ మనిషికి అతి ప్రియమైన చోటునే. భక్తురాలికి దేవుడి గదిలో బూతుమాటలు స్ఫురిస్తాయి, తల్లికి బిడ్డ గురించి భయంకరమైన బొమ్మలు. బిడ్డకి బట్టలు మార్చేటప్పుడు, కడిగేటప్పుడు అసభ్యమైన ఆలోచనలు వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అసలు నోరే విప్పరు. అదీ ఇదే జబ్బు. అన్నట్టు, తండ్రులకీ వస్తాయి. వాళ్లని అడిగేవాళ్లే లేరు.

అపోహ: కత్తి దాచేసి, బిడ్డకి దూరంగా ఉండటం మంచి జాగ్రత్తే కదా

కాదు. జబ్బు ఎదిగేది ఈ జాగ్రత్త మీదే.

కత్తిపీట అటకెక్కిన క్షణంలో ఆ అమ్మాయికి గుండెదడ తగ్గింది. ఆ ఉపశమనం మెదడుకి నేర్పిన పాఠం: ‘కత్తి దాచావు కాబట్టే పాప బతికింది.’ దాంతో రేపు కత్తెర కూడా ప్రమాదమే, ఎల్లుండి దిండు, ఆ తర్వాత తన చేతులే. మాటలతో తెచ్చుకునే ధైర్యం కూడా ఇలాంటిదే. “నేను పాపనేమీ చెయ్యను కదమ్మా?” అని ఆ అమ్మాయి రోజుకి ఇరవై ముప్పైసార్లు అడిగేది. “ఛ, నువ్వెందుకు చేస్తావే” అని తల్లి ప్రతిసారీ చెప్పేది. ఒక్కో జవాబు పావుగంట కూడా పనిచేసేది కాదు.

కాబట్టి చికిత్స దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. భయపడే పనులన్నీ రాయించి, ఒక్కోదానికి వందకి ఎంత భయమో మార్కులు వేయించాను. వాళ్లమ్మ పక్కనే ఉండగా పాపకి బట్టలు మార్చడం ఇరవై. వాళ్లమ్మ బయటికెళ్లాక పాపతో అరగంట ఒంటరిగా ఉండటం అరవై. పాప ఉయ్యాల్లో ఉండగా అదే గదిలో కత్తిపీట మీద కూర తరగడం తొంభై. కింది నుంచి మొదలుపెట్టాం. షరతు ఒకటే: ఆలోచన వస్తే రానివ్వాలి. తరిమెయ్యకూడదు, దానితో వాదించకూడదు, దేవుడి పేరు తలుచుకుని దాన్ని రద్దు చెయ్యకూడదు, ఎవరినీ అడగకూడదు. గుండెదడ దానంతటది దిగేదాకా ఆ పని చేస్తూ ఉండాలి.

ఇంట్లోవాళ్లకీ ఒక వాక్యం రాసిచ్చాను. ఆమె అడిగినప్పుడల్లా “దానికి నేను జవాబు చెప్పనమ్మా, డాక్టరు గారు వద్దన్నారు. రా, పాపకి నీళ్లు పోద్దాం” అనాలి. మొదటి వారం వాళ్లమ్మకి ఇది చాలా కష్టమైంది. కూతురు ఏడుస్తుంటే ధైర్యం చెప్పకుండా ఉండమంటే ఏ తల్లికైనా కష్టమే మరి.

దీంతోపాటు సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టి, నెమ్మదిగా 150 మిల్లీగ్రాములకి తీసుకెళ్లాను. డిప్రెషన్‌తో పోలిస్తే ఓసీడీకి తరచూ ఎక్కువ మోతాదు కావాలి, ఎక్కువ కాలమూ ఆగాలి. ఫలితం తేల్చుకోవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే ‘పనిచెయ్యట్లేదు’ అని మానేసేవాళ్లు చాలామంది. ఇది పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, పాలు మాన్పించక్కర్లేదు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, ఒంట్లో బాగోకపోయినా పిల్లల డాక్టర్‌తో మాట్లాడి ఇస్తాం. మూడో నెలలో ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఆలోచనలు పోయాయా అని అడిగితే, “వస్తాయండీ. వచ్చి దానిపాటికి అది పోతుంది” అంది. కత్తిపీట అటక మీంచి దిగింది.

అపోహ: అయితే బాలింత ఏం చెప్పినా ‘అన్నీ ఆలోచనలేలే’ అని ఊరుకోవచ్చు

ఇది మొదటి అపోహకి తిరగేసిన రూపం. ఇందులో ప్రాణాలు పోతాయి. ఏది నిజమో ఏది భ్రమో తెలియకుండా పోయే ప్రసవానంతర సైకోసిస్ వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, ఒక్కోసారి రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది.

నా అనుభవంలో తేడా గది తలుపు దగ్గరే తెలుస్తుంది. ఓసీడీలో భయపడుతూ వచ్చేది తల్లి. ఇంట్లోవాళ్లకి చాలాసార్లు అసలు విషయం తెలియదు. సైకోసిస్‌లో భయపడుతూ వచ్చేది ఇంట్లోవాళ్లు; తల్లికి తనలో ఏ తేడా కనపడదు. కాన్పయిన ఆరో రోజు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసటే లేని మనిషి, “ఆస్పత్రిలో పిల్లని మార్చేశారు, ఇది నా పిల్ల కాదు” అని మామూలు గొంతుతో, రేషన్ బియ్యం సంగతి చెప్పినట్టు చెబుతుంది. ఆమెకి అది చెడ్డ ఆలోచన కాదు, నిజం. ఆ నిజానికి తగ్గట్టు ఏదైనా చెయ్యాలనిపిస్తే ఆపే భయం ఆమెలో ఉండదు. చెవిలో గొంతులు ఆజ్ఞలివ్వడం, బిడ్డలో దయ్యమో దేవుడో ఉన్నాడనడం, ఎక్కడున్నానో తెలియని అయోమయం, గంట ఏడుపు గంట నవ్వు కూడా దీని లక్షణాలే. మాయదారి జబ్బు ఇది: పొద్దున్న మామూలుగా ఉండి, సాయంత్రానికి మారిపోతుంది. అందుకే ‘ఇప్పుడు బాగానే ఉంది’ అని ఇంటికి తీసుకెళ్లిపోతారు. గాలి సోకిందని తాయెత్తు కోసం తిరిగిన ఆ రెండు మూడు రోజులే ఒక్కోసారి ఖరీదైపోతాయి. ఇది అదే రోజు ఆస్పత్రిలో చేర్చాల్సిన అత్యవసరం. అక్కడికి చేరేదాకా తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు. ఉన్మాదం, డిప్రెషన్ మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు తనకి గానీ, తోబుట్టువులకి, అమ్మానాన్నలకి గానీ ఉంటే ముప్పు ఎక్కువ. నేను సెర్ట్రలిన్ రాసే ముందు ఆ సంగతి అడిగి తీరతాను, ఎందుకంటే బైపోలార్ ఉన్నవాళ్లకి ఆ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం పైకి లేవచ్చు.

ఇంకో ప్రమాదం అంత గోలగా ఉండదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న తల్లి నెమ్మదిగా, “నేను పోతే దీన్ని ఎవరు చూస్తారు? ఇద్దరం కలిసి పోతేనే నయం” అంటుంది. ఇక్కడ బిడ్డ మీద ప్రేమ ఉంది, కానీ ఆ ఆలోచన అంటే భయం లేదు. పైగా అదే దారి అనిపిస్తోంది. కాబట్టి ‘బిడ్డంటే ప్రేమ ఉందా’ అన్న ప్రశ్న ఏమీ తేల్చదు. నేను అడిగేవి వేరు: ఆ ఆలోచన వస్తే మీకెలా ఉంటుంది? అది ఎప్పుడైనా సరైనదే అనిపించిందా? రాకుండా ఏం చేస్తారు? చచ్చిపోవాలనిపిస్తోందా? నిద్ర పట్టట్లేదా, లేక నిద్రే అక్కర్లేదనిపిస్తోందా? ఓసీడీ, డిప్రెషన్ రెండూ కలిసి ఉండటమూ ఉంది. అందుకే ఒకసారి అడిగి వదిలెయ్యం. మామూలుగా బాలింతలకి ఇచ్చే పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టికలో తనకి తాను హాని చేసుకోవడం గురించి ఒక ప్రశ్న ఉంది గానీ, బిడ్డ గురించి వచ్చే ఈ ఆలోచనల ఊసే లేదు. నోటితో అడిగితేనే బయటపడతాయి. మాటల్లో చావు వినపడినా, పైన చెప్పిన లక్షణాలు కనపడినా దగ్గర్లోని పెద్దాస్పత్రికి వెళ్లాలి. 108కి ఫోన్ చెయ్యచ్చు. ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా చెయ్యచ్చు.

అపోహ: డాక్టరుకి చెబితే బిడ్డని దూరం చేస్తారు

ఈ భయం పూర్తిగా ఉత్తుత్తిది అనలేను. పైన చెప్పిన అమ్మాయి మా దగ్గరికి రాకముందు ఇంకో డాక్టర్‌తో సగం చెప్పుకుంది. ఆయన వాళ్లమ్మని పక్కకి పిలిచి, “పిల్లని ఆమె దగ్గర ఒంటరిగా వదలకండి” అన్నారట. తలుపు సందులోంచి ఆ అమ్మాయి వింది. అప్పటిదాకా అనుమానంగా ఉన్నది, డాక్టరే అన్నాక నిర్ధారణ అయిపోయింది. పాలు పట్టడానికి తప్ప పాపని ఎత్తుకోవడం మానేసింది ఆ రోజునుంచే. సైకోసిస్‌కి సరిగ్గా సరిపోయే సలహా అది. ఓసీడీకి ఇస్తే విషం.

మొదటి రోజు గంటసేపు మాట్లాడి సైకోసిస్ లేదని, బైపోలార్ లేదని, చావు ఆలోచనలు లేవని తేల్చుకున్నాక, ఆమె ముందే వాళ్లమ్మని లోపలికి పిలిచాను. చీటీలో మందు పేరు కింద తెలుగులో ఒక లైను రాసి ఇద్దరికీ చదివి వినిపించాను: ‘పాప రాత్రి తల్లి పక్కనే పడుకోవాలి.’ వాళ్లమ్మ కాసేపు నా ముఖం వంక చూసి, లేచి, పాపని కూతురి ఒళ్లో పెట్టింది.