ఆశా అక్క చెప్పే 50, 40 లెక్క ఎక్కడిది?

కళ్యాణదుర్గం వైపు ఊళ్లలో చలికాలం ఫ్లూ జ్వరాలు మొదలయ్యాయంటే ఆశా కార్యకర్త అంగన్‌వాడీలో తల్లులను కూర్చోబెట్టి ముందు చెప్పేది మందుల గురించి కాదు. "బిడ్డ చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో ఒక నిమిషం లెక్కపెట్టండమ్మా" అంటుంది. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. అంతకు చేరినా, దాటినా ఆ రోజే క్లినిక్‌కు తీసుకెళ్లాలి.

ఫ్లూ చాలామంది పిల్లలకు వారంలో తగ్గిపోతుంది. భయమంతా అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అయితేనే. ఎక్స్‌రే లేని చోట దాన్ని పట్టేదెలా? పాపువా న్యూగినీలోని గొరోకాలో ఫ్రాంక్ షాన్ బృందం దీని మీద పనిచేసింది. దగ్గుతో వచ్చిన పిల్లల్లో ఊపిరి నిమిషానికి 50 దాటితే న్యుమోనియాగా అనుమానించవచ్చని 1984లో రాసింది. అయితే ఏడాది దాటిన పిల్లలు మామూలుగానే నెమ్మదిగా ఊపిరి తీస్తారు కాబట్టి, 50 కోసం చూస్తూ కూర్చుంటే కొందరు తప్పిపోతారు. పెద్ద పిల్లలకు గీత 40 దగ్గర ఉండాలని తేల్చింది మన పక్కనే ఉన్న వెల్లూరు డాక్టర్లు, 1988లో. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్కనే తీసుకుంది. 2005లో ఆశాలు వచ్చాక అది మన ఊళ్లకు చేరింది.

ఉదాహరణకు ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు దగ్గు, జ్వరం ఉన్నాయనుకుందాం. ఇద్దరికీ లెక్క 46 వచ్చింది. తొమ్మిది నెలల పాపకు అది మామూలే. పాలు తాగుతోంది కాబట్టి ఇంట్లోనే ఉంచి, సాయంత్రం మళ్లీ లెక్కపెడితే చాలు. పద్నాలుగు నెలల బాబుకు మాత్రం అదే 46 వేగం కింద లెక్క. వాడిని ఆ రోజే చూపించాలి.

లెక్క తప్పేది ఎక్కువగా బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు. నిద్రలోనో, ఒళ్లో కుదురుగా ఉన్నప్పుడో చూడాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయడం కూడా వద్దు, చిన్నపిల్లల ఊపిరి ఒకేలా సాగదు. ఒళ్లు కాలిపోతుంటే దానికే వేగం పెరుగుతుంది కాబట్టి జ్వరం కాస్త దిగాక ఇంకోసారి చూడటం మంచిదే. అలాగని దిగేదాకా ఆసుపత్రి వాయిదా వేయకూడదు.

కొన్నింటికి లెక్క అక్కర్లేదు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు పట్టకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రెండు నెలల లోపు పసికందుకైతే జ్వరమే చాలు. తగ్గిన జ్వరం రెండు రోజులకు దగ్గుతో తిరగబెట్టినా ఇంట్లో ఉంచకూడదు.

తల్లులు మోసపోయేది ఒక చోట ఉంది. డొక్కలు ఎగరేసిన బిడ్డకు రాత్రికి ఊపిరి నెమ్మదించి లెక్క 40 లోపుకు వస్తే, "తగ్గిందిలే అక్కా" అనుకుంటారు. బిడ్డ అలసిపోయినా లెక్క అలాగే పడిపోతుంది. తగ్గినట్టయితే పాలు అడగాలి, కళ్లు తెరిచి చూడాలి.